రెండు వేల లైన్లు ఒక్కసారే చదవమంటే

2018 జులై నెలాఖరున జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ప్రోగ్రామర్ తాను రాసిన వైర్‌గార్డ్‌ను లినక్స్ కెర్నెల్‌లో చేర్చమని కోరుతూ కోడ్ పంపాడు. ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్ల మధ్య ఎవరూ చూడలేని దారి వేసే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ అది. అసలు కోడ్ నాలుగు వేల లైన్ల చిల్లర. అప్పటికి వాడుకలో ఉన్న వీపీఎన్‌లతో పోలిస్తే చాలా చిన్నది, చదవడానికి తేలిక. లినస్ టోర్వాల్డ్స్ కొద్ది రోజుల్లోనే దాన్ని బహిరంగంగా మెచ్చుకున్నాడు. అయినా అది కెర్నెల్‌లో చేరి జనానికి అందడానికి 2020 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

ఆలస్యం వైర్‌గార్డ్ వల్ల కాదు, దానితో పాటు వచ్చిన సరుకు వల్ల. సమాచారాన్ని గుప్తంగా మార్చే లెక్కల కోసం కెర్నెల్‌లో అప్పటికే ఒక ఏర్పాటు ఉంది. అది తనకు అనువుగా లేదని డోనెన్‌ఫెల్డ్ జింక్ అనే కొత్త లైబ్రరీ రాసి జత చేశాడు. మొదటిసారి పంపినప్పుడు ఆ లైబ్రరీ మొత్తం, వేలాది లైన్లు, ఒకే ప్యాచ్‌గా వచ్చింది. చూసినవాళ్లు ముందుగా అడిగింది దాన్ని విడగొట్టమని. తర్వాతి విడతల్లో ఒక్కో గణిత పద్ధతికీ ఒక్కో ప్యాచ్ చొప్పున విడిపోయింది. అప్పుడుగానీ అసలు చిక్కు బయటపడలేదు. ఒకే కట్టలో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. వైర్‌గార్డ్ కావాలా అన్నది ఒకటి. కెర్నెల్‌లో గుప్తలేఖన కోడ్ ఇకపై ఎలా ఉండాలన్నది రెండోది. మొదటిదానికి అందరూ సరే అన్నారు. రెండోదాని మీద వాదోపవాదాలు ఏడాదికి పైగా సాగాయి. 2019లో ఆర్డ్ బీషువెల్ వైర్‌గార్డ్‌కు కావలసిన లెక్కలను పాత ఏర్పాటులోనే అమర్చే ప్యాచ్‌లు రాశాడు. ముందు అవి చేరాయి. వాటిని వాడుకుంటూ ఆ డిసెంబరులో వైర్‌గార్డ్ నెట్‌వర్కింగ్ విభాగంలోకి వచ్చింది. మరుసటి మార్చిలో విడుదలైన 5.6 కెర్నెల్‌తో అందరికీ అందింది.

పెద్ద మార్పును చిన్న ముక్కలుగా పంపమని రివ్యూయర్లు ఎందుకు పట్టుబడతారో ఈ కథలో కనిపిస్తుంది. లైన్ల సంఖ్య పైకి కనిపించే లక్షణం మాత్రమే. అసలు జబ్బు, విడివిడిగా తేలాల్సిన నిర్ణయాలు ఒకదానికొకటి ముడిపడి ఉండటం.

చదివేది మనిషే

లినక్స్ కెర్నెల్ వాళ్లు మార్పులను ఈమెయిల్‌లో ప్యాచ్‌లుగా పంపుకుంటారు. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో ఎక్కువమంది వాడేది గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ లాంటివి. అక్కడ ఒక డెవలపర్ తన మార్పులను విడిగా ఒక బ్రాంచ్‌లో రాసుకుని, వీటిని అసలు కోడ్‌లో కలపండి అని కోరతాడు. ఆ కోరికే పుల్ రిక్వెస్ట్. ఆఫీసుల్లో అందరూ పీఆర్ అంటారు. తీసేసిన లైన్లు ఎరుపులో, కొత్త లైన్లు ఆకుపచ్చలో కనిపిస్తాయి. ఇంకో డెవలపర్ వాటిని చదివి, అనుమానాలు అడిగి, సరే అంటే కోడ్ కలుస్తుంది. టెస్టులు యంత్రం నడుపుతుంది. టెస్టు రాయని చోట తప్పు ఉంటే పట్టుకోవాల్సింది ఆ చదివే మనిషే.

ఆ మనిషి ఓపికకు హద్దు ఉంది. 2006లో స్మార్ట్‌బేర్ సంస్థ, సిస్కో కంపెనీలో పది నెలల పాటు జరిగిన 2,500 రివ్యూలను పరిశీలించింది. ఒక విడతలో 200 నుంచి 400 లైన్లు దాటితే తప్పులు పట్టుకునే శక్తి పడిపోతున్నట్టు, గంట, గంటన్నర తర్వాత చదివేవారి చూపు మందగిస్తున్నట్టు అందులో తేలింది. గూగుల్‌లో రివ్యూలు ఎలా జరుగుతాయో వివరిస్తూ 2018లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. అక్కడి మార్పుల్లో మధ్యస్థ పరిమాణం 24 లైన్లు. నూటికి తొంభైకి పైగా మార్పులు పది ఫైళ్ల లోపే ఉన్నాయి. వంద లైన్లు సాధారణంగా సబబు, వెయ్యి సాధారణంగా మరీ ఎక్కువ అని గూగుల్ బహిరంగంగా పెట్టిన రివ్యూ మార్గదర్శకాలు చెబుతాయి. మరీ పెద్దదన్న ఒక్క కారణంతోనే మార్పును తిప్పి పంపే అధికారం రివ్యూయర్‌కు ఉందని కూడా వాటిలో ఉంది.

తప్పు ఎక్కడ దాక్కుంటుంది

బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైట్‌ను ఊహించుకుందాం. డేటాబేస్‌లో టికెట్ ధర `amount` అనే కాలమ్‌లో రూపాయల్లో ఉంది. దశాంశాలతో లెక్కలు వేసినప్పుడల్లా పైసల్లో తేడాలొస్తున్నాయి. అందుకని ధరలన్నీ పైసల్లోకి, పూర్ణ సంఖ్యలుగా మార్చాలని టీమ్ నిర్ణయించింది. ఒక డెవలపర్ మూడు వారాలు కూర్చుని అంతా పూర్తి చేసి ఒకే పీఆర్ పెట్టింది. 62 ఫైళ్లు, 2,100 లైన్లు.

ఆ లైన్లను విడదీసి చూస్తే 1,300 లైన్లు కేవలం ఫార్మాటింగ్. ఎడిటర్ తనంతట తాను ఖాళీలు, కొటేషన్ గుర్తులు సర్దినవి. 350 లైన్లలో పేరు మాత్రమే మారింది. 120 లైన్లు ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి తరలాయి. నిజంగా ఆలోచించి చదవాల్సినవి 330. వాటి మధ్య ఇది ఉంది:

```
- refund = round(amount * 0.9, 2)
+ refund_paise = round(amount_paise * 0.9) * 100
```

455 రూపాయల టికెట్ రద్దు చేసుకుంటే పది శాతం పట్టుకుని 409 రూపాయల 50 పైసలు వెనక్కివ్వాలి. కొత్త లైన్‌లో ధర అప్పటికే పైసల్లో, అంటే 45,500గా ఉంది. దాన్ని 0.9తో గుణిస్తే వచ్చే 40,950 పైసలే సరైన జవాబు. చివర మిగిలిపోయిన `* 100` వల్ల ఆ మొత్తం 40,950 రూపాయలవుతుంది. ఈ రెండు లైన్లు విడిగా ముందు పెడితే కొత్తగా చేరిన డెవలపర్ కూడా పట్టుకుంటాడు. పేరు మారడం తప్ప ఇంకేమీ లేని 350 లైన్ల మధ్య పెడితే, `amount` పోయి `amount_paise` వచ్చిందని కన్ను సర్దిచెప్పుకుని ముందుకు జారిపోతుంది.

అతుకులు ఎక్కడున్నాయి

దీన్ని ఎలా కోయాలి? కొందరు ఫైళ్ల రకాన్ని బట్టి కోస్తారు. డేటాబేస్ ఫైళ్లన్నీ ఒక పీఆర్, వెబ్ పేజీల కోడ్ ఇంకోటి, టెస్టులన్నీ చివర్లో. లైన్ల లెక్క తగ్గుతుంది కానీ చదివేవారికి ఒరిగేదేమీ లేదు. మొదటి పీఆర్‌లో కొత్త ఫంక్షన్ కనిపిస్తుంది, దాన్ని ఎవరు పిలుస్తారో కనిపించదు. టెస్టు లేకుండా వచ్చిన కోడ్ సరైనదో కాదో తేల్చే వీలుండదు. ముక్క చిన్నదైతే చాలదు. అది ఒక పూర్తి మాట చెప్పాలి, తన టెస్టులు తనతోనే తెచ్చుకోవాలి, అది కలిశాక సైట్ మామూలుగా నడవాలి. ప్రతి ప్యాచ్ తర్వాతా కెర్నెల్ బిల్డ్ అయి నడవాలని లినక్స్ నియమాలు కూడా పట్టుబడతాయి. ఏ మార్పుతో బగ్ వచ్చిందో `git bisect` తో వెతికేటప్పుడు మధ్యలో ఎక్కడ ఆగినా కోడ్ పనిచేస్తూ ఉండాలి కాబట్టి.

టికెట్ల పీఆర్‌ను ఈ లెక్కన కోస్తే మొదట విడిపోయేది ఫార్మాటింగ్. అందులో మనిషి చేయి పడకూడదు. ఏ టూల్, ఏ వెర్షన్, ఏ కమాండ్ నడిపారో వివరణలో రాస్తే చాలు. రివ్యూయర్ ఆ 1,300 లైన్లు చదవనక్కర్లేదు. పాత కోడ్ మీద అదే కమాండ్ తానూ నడిపి, వచ్చినదాన్ని పీఆర్‌తో పోల్చి, తేడా లేకపోతే సరే అంటాడు. రెండోది ఫైల్ తరలింపు, అందులోనూ ఇంకే మార్పూ ఉండదు. `git diff --color-moved` అంటే చోటు మారిన లైన్లు వేరే రంగులో కనిపిస్తాయి. మామూలు ఆకుపచ్చలో ఏదైనా మిగిలితే అక్కడ ఎవరో చేయి పెట్టినట్టు.

ఆ తర్వాతే అసలు పని. డేటాబేస్ కాలమ్ పేరు ఒక్క దెబ్బకు మార్చకూడదు. కొత్త వెర్షన్ సర్వర్లలోకి ఒకేసారి వెళ్లదు. కాసేపు పాత కోడ్, కొత్త కోడ్ రెండూ నడుస్తుంటాయి. ఆ సమయంలో పాత కోడ్ `amount` కోసం వెతికి, దొరక్క కూలిపోతుంది. అందువల్ల మూడో పీఆర్ పాత కాలమ్‌ను ముట్టుకోకుండా పక్కన `amount_paise` చేర్చి, కొత్త టికెట్లకు రెండింటిలోనూ రాస్తుంది. నాలుగోది పాత టికెట్లకు కొత్త కాలమ్ నింపుతుంది. నింపాక రెండు కాలమ్‌ల లెక్క కలవని వరుసలు ఎన్నో ఒక చిన్న క్వెరీతో చూసుకోవచ్చు:

```
SELECT count(*) FROM tickets
WHERE amount_paise IS NULL
   OR amount_paise <> amount * 100;
```

సున్నా వస్తేనే ముందుకు. ఐదో పీఆర్‌లో రిఫండ్ లెక్క కొత్త కాలమ్‌కు మారుతుంది. తేడా వస్తే వెంటనే ఆపేయడానికి ఒక స్విచ్ వెనక ఉంటుంది. 455 రూపాయల టికెట్‌కు 40,950 పైసలే రావాలన్న టెస్టూ అందులోనే ఉంటుంది. ఆ `* 100` ఇక దాక్కోలేదు. కొన్ని వారాలు సజావుగా నడిచాక ఆరోది పాత కాలమ్‌ను, స్విచ్‌ను తీసేస్తుంది. డేటా చెరిపేది ఈ ఒక్కటే. వెనక్కి తీసుకోవడం కష్టమైనది కూడా ఇదే. అందుకే అది విడిగా, చివర్న ఉంటుంది.

రాసేసిన తర్వాత కోయడం

ముందే ఇలా అనుకుని రాసుంటే బాగుండేది. కానీ ఎక్కువసార్లు కోత గుర్తొచ్చేది మూడు వారాల పని ఒకే బ్రాంచ్‌లో పేరుకున్నాకే. అప్పుడు చేయకూడని పని ఆ బ్రాంచ్‌నే చీల్చడం. దాన్ని అలాగే ఉంచి, పక్కన కొత్త బ్రాంచ్‌లు కట్టుకోవాలి. పెద్ద బ్రాంచ్ పేరు `paise-big` అనుకుంటే:

```
git switch -c paise-1-format main
git checkout -p paise-big -- src/
git commit
git switch -c paise-2-move
```

`-p` పెడితే గిట్ మార్పులను చిన్న తునకలుగా చూపిస్తూ, ఇది కావాలా వద్దా అని ఒక్కొక్కటే అడుగుతుంది. కావలసినవి మాత్రమే తీసుకుని కమిట్ చేసి, దానిపై రెండో బ్రాంచ్, దానిపై మూడోది. ఫార్మాటింగ్ లాంటి ముక్కకైతే తునకలు ఏరడం కన్నా `main` మీద టూల్‌ను మళ్లీ నడపడమే నయం. ప్రతి బ్రాంచ్‌లోనూ టెస్టులు నడపాలి. చివరి ముక్క అయ్యాక ఇంకో తనిఖీ ఉంది:

```
git diff paise-6-cleanup paise-big
```

కోతలో ఏదీ జారిపోకపోతే, ఈ కమాండ్ చూపించే ప్రతి తేడాకూ కారణం చెప్పగలగాలి. స్విచ్, రెండు కాలమ్‌ల ఏర్పాటు మధ్యలో వచ్చి పోయినవి కనుక ఇక్కడ కనిపించవు. పాత కాలమ్‌ను తీసే పద్ధతి మారింది కనుక ఆ ఫైళ్లలో కొంత తేడా ఉంటుంది. ఎందుకొచ్చిందో తెలియని లైన్ ఏదైనా కనిపిస్తే, అది ఏదో ముక్కలో తప్పిపోయినట్టు లెక్క.

ఈ పద్ధతిలో కష్టం కూడా ఉంది. రివ్యూలో మొదటి బ్రాంచ్ మారితే పైనున్నవన్నీ కదపాలి. 2022 అక్టోబరులో వచ్చిన గిట్ 2.38 నుంచి, పై బ్రాంచ్‌లో ఉండి `git rebase --update-refs paise-1-format` అంటే మధ్యలోని బ్రాంచ్‌లు కూడా జరుగుతాయి. మొదటి పీఆర్‌ను స్క్వాష్ పద్ధతిలో, అంటే కమిట్లన్నీ ఒకటిగా నొక్కి కలిపితే ఇంకో చిక్కు. గిట్ ఆ పాత కమిట్లను గుర్తుపట్టలేక, అప్పటికే కలిసిపోయిన మార్పులను రెండో పీఆర్‌లో మళ్లీ చూపించి గొడవ పెడుతుంది. అప్పుడు మొదటి బ్రాంచ్ తర్వాతివే తీసుకోమని చెప్పాలి:

```
git rebase --onto main paise-1-format paise-2-move
```

ఇంత శ్రమ ఉంది కనుకనే ఒకేసారి పది ముక్కలు పేర్చుకోవడం కన్నా, రెండు మూడు పంపి, అవి కలిశాక మిగతావి పంపడం తేలిక.

పెద్దది వచ్చి కూర్చుంటే

ఇప్పుడు అటు వైపు. పొద్దున ఆఫీసుకు రాగానే 62 ఫైళ్ల పీఆర్ మీ పేరు మీద ఉంది. చాలా చోట్ల జరిగేది రెండే. ఒకటి మౌనం. రేపు చూద్దాం, శుక్రవారం చూద్దాం అంటూ వారం గడుస్తుంది. ఈలోగా `main` ముందుకు పోయి, పీఆర్‌లో కాన్‌ఫ్లిక్టులు పెరిగి, దాన్ని కలపడమూ కోయడమూ రెండూ ఇంకా కష్టమవుతాయి. రెండోది, పైపైన చూసి `LGTM` అని కొట్టేయడం. ఇరవై లైన్ల మార్పు మీద పది కామెంట్లు, రెండు వేల లైన్ల మార్పు మీద ఒక్కటీ లేకుండా ఆమోదం కనిపిస్తే, ఆ రెండోది చదవలేదని అనుకోవచ్చు.

మొదటి పావుగంటలో లైన్లు చదవొద్దు. వివరణ చదివి, ఏ ఫైల్లో ఎంత మారిందో `git diff --stat` లో చూస్తే చాలు, అతుకులు తెలుస్తాయి. తర్వాత అదే రోజు జవాబివ్వాలి. రాసినవారు తర్వాతి పనిలోకి దిగి, దీని మీద ఇంకో బ్రాంచ్ కట్టేలోపు మాట చేరాలి. "పెద్దగా ఉంది, చిన్నది చేయండి" అంటే అది జవాబు కాదు. ఎక్కడ కోయాలో చెప్పాలి. ఉదాహరణకు ఇలా:

"పైసల్లోకి మార్చడం సరైన నిర్ణయమే, దాని మీద నాకు అభ్యంతరం లేదండి. ఒకే పీఆర్‌లో రిఫండ్ లెక్క సరిగా చూడలేకపోతున్నాను. ఫార్మాటింగ్ మార్పులు విడిగా పంపగలరా? దాన్ని ఈ సాయంత్రమే చూసి కలిపేస్తాను. కాలమ్ పేరు మార్చడం బదులు పక్కన కొత్త కాలమ్ పెడితే డిప్లాయ్‌మెంట్ సమయంలో ఇబ్బంది ఉండదు. కోయడంలో సాయం కావాలంటే మధ్యాహ్నం ఒక గంట కూర్చుందాం."

ఇందులో ముందుగా తేలింది డిజైన్ గురించిన మాట. మూడు వారాలు పనిచేసినవారికి అది ముందు తెలియాలి. డిజైనే నచ్చకపోతే అదీ ఇక్కడే చెప్పాలి, పేర్ల మీద, ఖాళీల మీద అరవై కామెంట్లు పెట్టాక కాదు. ఆ అరవై సరిదిద్దాక అసలు పద్ధతే మార్చమంటే రెండోసారి ఆ పీఆర్ తెరవబుద్ధి కాదు. మొదటి ముక్కకు రివ్యూయర్ ఒక గడువు ఒప్పుకున్నాడు, అది కూడా ముఖ్యం. కోసి పంపినా ఆరు ముక్కలకూ ఆరు వారాలు పడితే తర్వాతి పని మళ్లీ ఒకే పెద్ద పీఆర్‌గా వస్తుంది.

కోయడం కుదరని సందర్భాలూ ఉంటాయి. గడువు రేపే కావచ్చు, రాసినవారు వేరే టీమ్‌కు వెళ్లిపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు రాసినవారు ఉంటే పక్కన కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో వారి నోటే చెప్పించుకోవాలి. వాళ్లు లేకపోతే టెస్టుల నుంచి మొదలుపెట్టడం మేలు. కోడ్ ఏం చేయాలని రాశారో అక్కడ తెలుస్తుంది. తర్వాత డబ్బు, డేటాబేస్, లాగిన్ తాకే ఫైళ్లు. తప్పు జరిగితే నష్టం అక్కడే ఎక్కువ. ఒక విడతకు గంట మించకుండా, రెండు మూడు విడతల్లో చదవాలి. డేటాబేస్ తెలిసినవారు ఒక భాగం, పేజీల కోడ్ తెలిసినవారు ఇంకో భాగం పంచుకోవచ్చు. ఈలోగా రాసినవారు పాత కమిట్లను చెరిపి మళ్లీ రాయకుండా, సవరణలను కొత్త కమిట్లుగా చేరిస్తే నిన్న చదివింది ఇవాళ మళ్లీ చదవనక్కర్లేదు. ఆమోదించేటప్పుడు ఏది చదివారో రాయాలి. "రిఫండ్ లెక్క, మైగ్రేషన్ పూర్తిగా చదివాను, రిపోర్టుల పేజీలు చూడలేదు" అన్న వాక్యం ఉంటే, మిగతాది ఇంకెవరైనా చూడాలని టీమ్‌కు తెలుస్తుంది.

లైన్లు చూసి బెదరనక్కర్లేని పీఆర్‌లు కూడా కొన్ని ఉన్నాయి. ఎవరూ వాడని ఐదు వేల లైన్లు తీసేసే మార్పులో తేల్చాల్సింది ఒకటే, నిజంగా ఎవరూ వాడటం లేదా అని. టూల్ పుట్టించిన ఫైళ్లయితే ఆ టూల్‌ను మళ్లీ నడిపి పోల్చుకోవచ్చు. వీటిని కోసినందువల్ల చదవడం తేలికవదు.

మరోవైపు, అతి చక్కగా కోసినా మోయలేనంత అయ్యే సందర్భం ఉంటుంది. 2022 జనవరిలో ఇంగో మోల్నార్, లినక్స్ కెర్నెల్ బిల్డ్ సమయం బాగా తగ్గించే హెడర్ ఫైళ్ల సంస్కరణను అభిప్రాయం కోసం ముందు పెట్టాడు. అందులోని ప్యాచ్‌లు 2,200 పైచిలుకు. ప్రతిదీ చిన్నదే. అయినా కెర్నెల్‌లోని దాదాపు ప్రతి విభాగాన్నీ తాకే ఆ వరసను మొత్తంగా తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు. విడిగా నిలబడగలిగిన భాగాల్లో ఒకటైన షెడ్యూలర్ హెడర్ల మార్పు ఆ ఏడాదే 5.18 కెర్నెల్‌లో చేరింది. ఆ విభాగాన్ని చూసే కొద్దిమందిలో మోల్నార్ ఒకడు. దాన్ని చదవడానికి, ఒప్పుకోవడానికి ఆ కొద్దిమంది చాలు.